పెన్షన్ సర్క్యులర్‌ని తిరగరాస్తే: "ఒరేయ్, ఇందులో నేనెక్కడున్నాన్రా?"

ఈ ఎపిసోడ్‌లో కోడ్ లేదు, గ్యాడ్జెట్ లేదు. నాలుగు పేజీల కాగితం ఒకటి ఉంది. దాన్ని నేను మూడుసార్లు తిరగరాశాను. రెండోసారి రాసినప్పుడు ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు దొరక్కపోయి ఉంటే ఒకాయన పెన్షన్‌కి ఎసరొచ్చేది. ఆ సంగతి కూడా చెప్తాను.

మా మావయ్య ఒక ప్రైవేట్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. 2024 ఆగస్టు నెలాఖరుకి ఆయనకి 58 నిండాయి. రిటైర్మెంట్ దగ్గరపడుతోందని కంపెనీ వాళ్లు ఆయనకీ, ఆయనతోపాటు దిగిపోతున్న మరికొందరికీ ఒక సర్క్యులర్ ఇచ్చారు. ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995 గురించి. మనందరికీ ఈపీఎస్-95 అంటేనే తెలుసు. సర్క్యులర్ తెలుగులోనే ఉంది. మావయ్యకి తెలుగు బాగా వచ్చు, రోజూ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. ఆ నాలుగు పేజీలూ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి టీపాయ్ మీద పెట్టి, "ఒరేయ్, ఇందులో నేనెక్కడున్నాన్రా?" అని అడిగాడు.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే.

నేను చదివాను. మొదటి పేరా ఇలా ఉంది: "యజమాని వాటా నుండి వేతనములో 8.33 శాతము చొప్పునను, కేంద్ర ప్రభుత్వముచే 1.16 శాతము చొప్పునను, నిర్ణీత గరిష్ఠ వేతన పరిమితికి లోబడి, పింఛను నిధికి జమ చేయబడును." ఇందులో తప్పేమీ లేదు. ప్రతి అంకె కరెక్టే. కానీ రిటైరవుతున్న మనిషికి మొదట కావాల్సింది ఇదా? ఆయనకి పెన్షన్ వస్తుందో రాదో ఇంకా తెలీదు. అప్పుడే నిధికి ఎవరు ఎంత జమ చేస్తారో చెప్తున్నాం. అర్హత రెండో పేజీ మధ్యలో ఉంది. పదేళ్లకి తక్కువ సర్వీసు ఉన్నవాళ్ల సంగతి మూడో పేజీలో ఉంది. ఏ ఫారం పెట్టాలో నాలుగో పేజీ చివర, "అనుబంధం" అనే చోట ఉంది.

ఇదెందుకిలా ఉంటుందంటే, సర్క్యులర్ రాసేవాళ్లు పథకం పక్కన పెట్టుకుని, అందులో పేరాలు ఏ వరుసలో ఉంటే అదే వరుసలో రాసుకుంటూ పోతారు. పథకం చట్టబద్ధమైన కాగితం కదా, దాంట్లో నిధి ముందు వస్తుంది, తర్వాత సభ్యత్వం, తర్వాత లెక్క, తర్వాత క్లెయిమ్. నిధి నడిపేవాళ్లకి ఆ వరుస సబబే. రిటైరయ్యే మనిషికి మాత్రం వరుస వేరు. నేను ఉన్నానా లేనా? ఉంటే ఎంత? ఎప్పుడు ఏం చెయ్యాలి? అంతే. మా భాషలో చెప్పాలంటే, ఫంక్షన్లన్నీ రాసి పెట్టారు, ఏది ముందు నడవాలో చెప్పే మెయిన్ రాయలేదు.

సరే, తిరగరాయడం మొదలెట్టాను. అంకెలన్నీ 2024లో ఉన్నవి, మీరు ఎప్పుడు చూస్తున్నారో దాన్నిబట్టి ఒకసారి సరిచూసుకోండి.

మొదటి భాగం, అర్హత. దీన్ని నేను వాక్యాలుగా కాకుండా గుమ్మాలుగా రాశాను. ఒక గుమ్మం దాటితేనే రెండోది. దాటకపోతే అక్కడే ఆగిపోయి, నీ దారి ఫలానా చోట ఉంది అని చెప్పాలి. మిగతా కాగితం ఆ మనిషి చదవక్కర్లేదు.

మొదటి గుమ్మం: అసలు మీరు ఈ పెన్షన్‌లో సభ్యులేనా? పీఎఫ్ కట్ అవుతోంది కాబట్టి పెన్షన్ ఉన్నట్టే అనుకుంటాం. అది నిజం కాదు. 2014 సెప్టెంబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేటప్పటికే పీఎఫ్ లెక్కలోకి వచ్చే జీతం, అంటే బేసిక్, డీఏ కలిపి, నెలకి 15,000 దాటి ఉంటే పెన్షన్ పథకంలో సభ్యత్వమే లేదు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. అంతకుముందే సభ్యులైనవాళ్లూ, 15,000 లోపు జీతంతో చేరి తర్వాత జీతం పెరిగినవాళ్లూ లోపలే ఉంటారు. పాత సర్క్యులర్లో ఈ విషయం మూడో పేజీలో, "పైన పేర్కొన్నది వర్తించని సందర్భములు" అనే శీర్షిక కింద ఉంది. వర్తించదన్న మాట మూడో పేజీలో చెప్తే, అప్పటిదాకా మనిషి చదివిందంతా ఏమవ్వాలి?

దీన్ని చూసుకోవడం తేలికే. పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ప్రతి నెలకీ మూడు నిలువు వరుసలుంటాయి. మీ వాటా, కంపెనీ వాటా, పెన్షన్. మూడోదాంట్లో నెల నెలా అంకె పడుతుంటే మీరు లోపలున్నట్టు. ఒక్క జాగ్రత్త. కంపెనీ మారి పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ చేసుకున్నప్పుడు పెన్షన్ వరుసలో పాత డబ్బు రాదు, సున్నా కనపడుతుంది. చాలామంది అది చూసి పోయిందనుకుని కంగారుపడతారు. పెన్షన్‌లో ట్రాన్స్‌ఫర్ అయ్యేది డబ్బు కాదు, సర్వీసు. ఎందుకంటే పెన్షన్ లెక్క ఆ డబ్బు మీద నడవదు, ఏళ్ల మీద నడుస్తుంది.

రెండో గుమ్మం: పదేళ్ల సర్వీసు. దీని దగ్గరే నేను తప్పు చేసింది, దీనికి మళ్లీ వస్తాను.

మూడో గుమ్మం: వయసు. పూర్తి పెన్షన్ 58కి. 50 దాటి ఉద్యోగం మానేసినవాళ్లు ముందే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. ఇక్కడ పాత సర్క్యులర్లో ఒక మాట ఉంది, "పదవీ విరమణ అనంతరము". చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. కానీ కొన్ని కంపెనీల్లో రిటైర్మెంట్ 60కి. అక్కడివాళ్లు ఈ మాట చదివితే అరవై దాకా ఆగుతారు. పెన్షన్ పథకానికి కంపెనీ రిటైర్మెంట్‌తో పని లేదు. 58 నిండగానే పెన్షన్ సభ్యత్వం ముగుస్తుంది, ఉద్యోగం చేస్తూనే పెన్షన్ తీసుకోవచ్చు. అప్పట్నుంచి కంపెనీ పెన్షన్ వాటా కట్టకూడదు కూడా, అది పీఎఫ్‌లోకి పోవాలి. తెలీక 58 తర్వాత కూడా పెన్షన్‌కి కట్టేస్తే, ఆ లెక్క సరిచేసేదాకా క్లెయిమ్ ఆగిపోతుంది. కాబట్టి నేను "పదవీ విరమణ" అన్న మాటే తీసేసి, అన్ని చోట్లా "58 నిండిన రోజు" అని పెట్టాను. మూడు పదాల మార్పు.

ఇక రెండో భాగం, చందాలు. పాత సర్క్యులర్ దీనితోనే మొదలైంది, ఒకటిన్నర పేజీ ఉంది. నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. రిటైరవుతున్న మనిషి ఇక చందా కట్టడు. మరి చందా రూల్స్ ఆయనకెందుకు? ఒకే ఒక్క కారణానికి. పెన్షన్ ఇంతే ఎందుకొచ్చింది అన్నది అర్థం కావడానికి. ఆ పనికి ఉపయోగపడేది ఉంచి, మిగతాది తీసేశాను. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 1.16 శాతం నిజమే, కానీ అది తెలిసినా తెలియకపోయినా మావయ్య చెయ్యాల్సిన పని మారదు. తీసేశాను.

ఉంచింది ఇదీ. మీ జీతం నుంచి కట్ అయ్యే 12 శాతంలో పెన్షన్‌కి రూపాయి కూడా పోదు, అదంతా పీఎఫ్. కంపెనీ వేసే 12 శాతంలోంచి 8.33 శాతం పెన్షన్‌కి పోతుంది. అది కూడా మీ అసలు జీతం మీద కాదు, పరిమితి దాకానే. 2014 ఆగస్టు దాకా ఆ పరిమితి 6,500. సెప్టెంబర్ 1 నుంచి 15,000. అంటే మీ బేసిక్, డీఏ కలిపి 25,000 అయినా సరే, పెన్షన్‌కి పోయేది 15,000 మీద 8.33 శాతం, నెలకి 1,250 రూపాయలు. కంపెనీ వాటా 3,000లో మిగిలిన 1,750 మీ పీఎఫ్‌లోకి వస్తుంది. ఎక్కువ జీతం మీద పెన్షన్‌కి ఆప్షన్ ఇచ్చినవాళ్ల కథ వేరే, అది ఈ కాగితంలో కలపలేదు. ఆ ఆప్షన్ పెట్టినవాళ్లకి విడిగా రాయాలి, ఒకే కాగితంలో కుక్కితే ఇద్దరికీ అర్థం కాదు.

ఈ 2014 సెప్టెంబర్ 1 ఉంది చూశారూ, పాత సర్క్యులర్లో ఎనిమిది తేదీలుంటే అందులో ఇదొకటి. సవరణ నోటిఫికేషన్ల తేదీలన్నీ వరసగా ఉన్నాయి. నేను ఒక్కో తేదీ దగ్గరా ఆగి, ఈ తేదీ తెలియకపోతే ఈ బ్యాచ్‌లో రిటైరయ్యే ఎవరికైనా నష్టమా అని చూశాను. ఆ బ్యాచ్‌లో అందరూ 2000 తర్వాత చేరినవాళ్లే. 1995 నవంబర్‌కి ముందు నుంచీ కుటుంబ పెన్షన్‌లో ఉన్నవాళ్లయితే పాత సర్వీసుకి వేరే లెక్క ఉంటుంది, వీళ్లకి అది లేదు. చివరికి మిగిలింది ఈ ఒక్క తేదీ. మిగతావన్నీ కాగితం చివర చిన్న అక్షరాల్లోకి వెళ్లాయి.

ఎందుకు ఇదొక్కటే మిగిలిందో మావయ్య లెక్కతో చూద్దాం. సూత్రం అందరికీ తెలిసిందే. పెన్షన్ జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి, 70తో భాగించాలి. పెన్షన్ జీతం అంటే ఆఖరి 60 నెలల సగటు, పరిమితికి లోబడి. మావయ్య 2006 సెప్టెంబర్లో చేరాడు, 2024 ఆగస్టుతో 18 ఏళ్లు. ఆఖరి ఐదేళ్లూ జీతం 15,000 పైనే. కాబట్టి ఆయన పాత సర్క్యులర్ చూసి క్యాలెండర్ వెనక ఇలా లెక్క వేసుకున్నాడు:

```
15000 × 18 ÷ 70 = 3857
```

మూడువేల ఎనిమిదొందల యాభై ఏడు వస్తుందని అత్తయ్యకి కూడా చెప్పేశాడు. కానీ పథకంలో ఇంకో నిబంధన ఉంది. 2014 సెప్టెంబర్ 1కి ముందు చేసిన సర్వీసుకి 6,500 పరిమితితో, తర్వాత చేసిన సర్వీసుకి 15,000 పరిమితితో, రెండు ముక్కలుగా లెక్కేస్తారు. మావయ్య సర్వీసు ముందు 8 ఏళ్లు, తర్వాత 10 ఏళ్లు.

```
6500 × 8 ÷ 70   = 743
15000 × 10 ÷ 70 = 2143
మొత్తం           = 2886
```

తొమ్మిదొందల డెబ్భై ఒక్క రూపాయి తేడా. ఆఫీసులో లెక్కని రోజుల్లో కూడా చూస్తారు కాబట్టి రూపాయో రెండో అటూ ఇటూ అవ్వచ్చు, కానీ వచ్చేది 2,886 దరిదాపుల్లోనే. ఈ సంగతి ముందు తెలియకపోతే, మొదటి నెల బ్యాంక్ మెసేజ్ చూసి మనవాళ్లు అనుకునేది ఒకటే, ఎవరో నొక్కేశారు అని. పాత సర్క్యులర్లో ఈ నిబంధన ఉందా అంటే ఉంది. సూత్రం రెండో పేజీలో ఉంది, ఇది మూడో పేజీలో "అయితే" అని మొదలయ్యే పేరాలో ఉంది. మధ్యలో వితంతు పెన్షన్, పిల్లల పెన్షన్ వచ్చేశాయి. సూత్రం దొరకగానే మావయ్య క్యాలెండర్ తీశాడు, మూడో పేజీ దాకా ఎందుకెళ్తాడు?

అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, సూత్రం ఒంటరిగా రాయకూడదు. దాన్ని మార్చే "అయితే" ఏదైనా ఉంటే సూత్రంలోనే కలిపెయ్యాలి. ఈ కాగితంలో 18 ÷ 70 అనే ముక్క ఎక్కడా కనపడదు. మొదట్నుంచీ రెండు గళ్లే ఉంటాయి, 2014 ఆగస్టు దాకా ఎన్నేళ్లు, తర్వాత ఎన్నేళ్లు. ఇరవై ఏళ్లు నిండినవాళ్లకి రెండేళ్లు అదనంగా కలుస్తాయి, ఆ మాట గళ్ల కింద ఒక లైన్ ఉంది. మావయ్యది పద్దెనిమిదే కాబట్టి మనకి అక్కర్లేకపోయింది.

మావయ్య ఈ లెక్క చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అప్పట్లో నా పేరు మీద నెలకి ఐదొందల నలభై ఒకటేగా కట్టింది" అన్నాడు. అవును, 6,500 మీద 8.33 శాతం అంటే 541. చందా రూల్‌ని లెక్క పక్కన పెట్టడం వల్ల వచ్చిన లాభం అదీ. తక్కువొచ్చిందన్న బాధ ఉంది, మోసపోయానన్న అనుమానం లేదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం.

మొదటి డ్రాఫ్ట్ నాకే నచ్చలేదు, చింపేశాను. రెండోది బాగా వచ్చిందనుకున్నాను. వాక్యాలు చిన్నవి, మాటలు తేలిక. రెండో గుమ్మం ఇలా రాశాను: "మీ సర్వీసు పదేళ్లు నిండిందా? నిండితే ఫారం 10డి. నిండకపోతే ఫారం 10సి." ఎంత శుభ్రంగా ఉందో చూడండి. స్కూల్ పిల్లాడికైనా అర్థమవుతుంది.

దాన్ని మావయ్య తోటివాళ్లు ముగ్గురికి చూపించాను. "అర్థమైందా అంకుల్?" అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. పెద్దవాళ్లు ఒక కుర్రాడి మనసు కష్టపెట్టరు. అందుకే అలా అడగలేదు. కాగితం చేతికిచ్చి, "మీరైతే ఏ ఫారం పెడతారు, చూపించండి" అన్నాను. ఇద్దరు 10డి అన్నారు. మూడో ఆయన తన సర్వీసు 9 ఏళ్ల 8 నెలలు అని చెప్పి, వేలు 10సి మీద పెట్టాడు.

పథకం ప్రకారం సర్వీసు లెక్కలో ఆరు నెలలు, అంతకు మించి ఉంటే దాన్ని పూర్తి ఏడాది కింద తీసుకుంటారు. అంటే 9 ఏళ్ల 6 నెలలు దాటితే పదేళ్లే. ఆయన పెన్షన్‌కి అర్హుడు. 10సి అంటే ఏంటి? పదేళ్లు లేనివాళ్లు పెన్షన్ బదులు ఒకేసారి కొంత మొత్తం తీసుకునే ఫారం. అది తీసుకుంటే ఆ సర్వీసు అక్కడితో సరి. ఈయన 10సి పెడితే, తిప్పి పంపి నెలలు వృథా అయినా అవ్వచ్చు, లెక్కలో ఎక్కడైనా తేడా ఉంటే డబ్బిచ్చి ఖాతా మూసేసినా మూసేయచ్చు. ఆయన సర్వీసంతా 2014 సెప్టెంబర్ తర్వాతదే. 15,000 పరిమితికి పదేళ్లు అంటే నెలకి 2,143. బతికినంతకాలం, తర్వాత భార్యకి కుటుంబ పెన్షన్. దీన్ని నా శుభ్రమైన వాక్యం పోగొట్టబోయింది.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. పాత సర్క్యులర్లో ఆ ఆరు నెలల మాట ఉంది! ముళ్లకంపలాంటి వాక్యంలో ఉంది, కానీ ఉంది. నేనే సులభం చేస్తున్నానని తీసేశాను. అర్థం కాని నిజాన్ని తీసి, అర్థమయ్యే అబద్ధం పెట్టాను. అర్థం కాకపోతే మనిషి ఎవర్నో ఒకర్ని అడుగుతాడు. అర్థమైందనుకుంటే నేరుగా సంతకం పెట్టేస్తాడు.

తర్వాత ఆయనతో కూర్చుని యూఏఎన్ పోర్టల్ తెరిచాం. View మెనూలో Service History ఉంటుంది. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీతో పాటు NCP Days అని ఒక గడి ఉంటుంది. అంటే చందా పడని రోజులు. జీతం లేని సెలవు పెట్టినప్పుడు ఇవి పడతాయి, వీటిని సర్వీసులోంచి తీసేస్తారు. ఈయనకి 40 రోజులున్నాయి, ఎప్పుడో కాలు విరిగినప్పటివి. 9 ఏళ్ల 8 నెలల్లోంచి 40 రోజులు పోతే 9 ఏళ్ల 6 నెలల 20 రోజులు. గీతకి ఇరవై రోజులు ఇవతల ఉన్నాడు. ఇంకో నెల సెలవు పెట్టి ఉంటే కథ మారిపోయేది.

మూడో డ్రాఫ్ట్‌లో ఆ గుమ్మం ఇలా మారింది: "పోర్టల్‌లో చూపించే మొత్తం సర్వీసులోంచి చందా పడని రోజులు తీసేయండి. మిగిలింది 9 ఏళ్ల 6 నెలలు, లేదా అంతకన్నా ఎక్కువ ఉందా? ఉంటే ఫారం 10డి. లేకపోతే ఏ ఫారమూ పెట్టకముందు, పాత కంపెనీల్లో చేసిన సర్వీసు కలిసిందో లేదో చూడండి." ఆ చివరి వాక్యం కావాలనే పెట్టాను. ఈ వయసువాళ్లలో రెండు మూడు కంపెనీలు మారినవాళ్లు ఎక్కువ. పాత కంపెనీ సర్వీసు ట్రాన్స్‌ఫర్ అయి ఉండకపోవచ్చు, లేదా బీరువాలో స్కీమ్ సర్టిఫికెట్ ఉండొచ్చు. అవి కలిపితే గుమ్మం దాటేస్తారు. అయితే అప్పట్లో ఆ పెన్షన్ డబ్బు తీసేసుకుని ఉంటే మాత్రం ఆ ఏళ్లు తిరిగిరావు. వాక్యం పొడుగైంది. అవ్వనివ్వండి.

మూడో భాగం, చెయ్యాల్సిన పనులు. పాత కాగితంలో ఇది ఫారం నింపడంతో మొదలవుతుంది. కానీ క్లెయిమ్‌లు ఆగిపోయేది ఫారం దగ్గర కాదు, అంతకు ముందు. అందుకని నేను దీన్ని క్యాలెండర్‌లా రాశాను, 58 నిండటానికి ఆరు నెలల ముందు నుంచి.

ఆరు నెలల ముందు చూడాల్సింది పేరు, పుట్టిన తేదీ. మన తెలుగువాళ్ల ఇంటిపేరు గొడవ ఇక్కడే వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకులో చివర ఉంటుంది. మావయ్య పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. మనకి ముగ్గురూ ఒకడే, కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. దీన్ని సరిచేయడానికి కంపెనీతో కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. కంపెనీలో ఉండగా హెచ్ఆర్ టేబుల్ దగ్గరికెళ్లి చేయించుకోవచ్చు, బయటికొచ్చాక అదే సంతకానికి గేటు దగ్గర కూర్చోవాలి. ఆరు నెలలు అన్నది అందుకే. అప్పుడే పోర్టల్‌లో భార్య పేరుతో ఈ-నామినేషన్ కూడా పూర్తి చేసుకోవాలి.

మానేసిన నెలలో చూడాల్సింది, కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ వేసిందా లేదా. వెయ్యకపోతే ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు, Manage మెనూలో Mark Exit అని ఉంటుంది. ఆ తేదీ తప్పు పడిందా, మళ్లీ జాయింట్ డిక్లరేషనే. కాబట్టి ఆఖరి జీతం స్లిప్ పక్కన పెట్టుకుని వెయ్యండి.

58 నిండాక ఫారం 10డి. ఆన్‌లైన్‌లో అయితే Online Services లో క్లెయిమ్ దగ్గర ఉంటుంది, లేకపోతే కాగితం మీద కంపెనీ సంతకంతో. బ్యాంకు ఖాతా వివరాలు, భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో, 25 ఏళ్ల లోపు పిల్లలుంటే వాళ్ల వివరాలు కావాలి. పాత స్కీమ్ సర్టిఫికెట్ ఉంటే దీనితోనే జతచెయ్యాలి. ఫోటో గురించి నవ్వొచ్చే సంగతి, అత్తయ్య మావయ్య కలిసి దిగిన మంచి ఫోటో అంటే పెళ్లిదే ఉంది. స్టూడియోకి వెళ్లి కొత్తది దిగారు, దాన్నే ఫ్రేమ్ కూడా కట్టించారు. పీఎఫ్ డబ్బుకి పెట్టే ఫారం 19 వేరు, దాన్ని దీనితో కలపొద్దు. నెట్ సెంటర్లలో అలవాటుగా 19, 10సి కలిపి కొట్టేస్తారు. ఆ కుర్రాళ్ల తప్పు కూడా కాదు, వాళ్ల దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం మారే వయసువాళ్లే, వాళ్లకి ఆ జతే సరిపోతుంది. కాబట్టి కాగితం మీద ఈ ఒక్క లైన్ మాత్రం పెద్ద అక్షరాల్లో పెట్టాను: "58 నిండి, సర్వీసు సరిపోయినవారు 10సి పెట్టవద్దు."

పెన్షన్ మంజూరైతే పీపీఓ నంబర్ వస్తుంది. అది ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. ఆ తర్వాత ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్, అదే జీవన్ ప్రమాణ్. ప్రభుత్వ పెన్షనర్లని చూసి అందరూ నవంబర్ అనుకుంటారు. ఈపీఎస్‌కి అలా లేదు. మీరు ఎప్పుడిస్తే అప్పట్నుంచి ఏడాది చెల్లుతుంది. మార్చిలో ఇచ్చి, వచ్చే నవంబర్లో ఇద్దాంలే అనుకుంటే, మధ్యలో మార్చి దాటగానే పెన్షన్ ఆగిపోతుంది. అందుకే కాగితం చివర ఒక ఖాళీ గడి పెట్టాను, "నేను ఇచ్చిన తేదీ" అని. అది నింపుకుని గోడకి అంటించుకోవాలి.

మొత్తం రెండు పేజీలైంది. దాన్ని హెచ్ఆర్ ఆవిడకి చూపిస్తే, చదివి, "బాగుంది, కానీ ఏదైనా తేడా వస్తే పథకంలో ఉన్నదే చెల్లుతుంది అన్న లైన్ కావాలి" అన్నారు. న్యాయమే. నేను ఎంత జాగ్రత్తగా రాసినా ఇది పథకం కాదు, పథకంలోకి దారి చూపించే కాగితం. ఆ లైన్ పెట్టాం, పాత నాలుగు పేజీలూ దీని వెనక పిన్ చేశాం. ఆవిడ అంకెలన్నీ మరోసారి సరిచూసి, తర్వాతి బ్యాచ్‌కి ఇదే ఇచ్చారు.

మళ్లీ ఆ ముగ్గురి దగ్గరికే వెళ్లాను. మూడో ఆయనకి కొత్త కాగితం ఇచ్చి, ఏ ఫారమో చూపించమన్నాను. ఆయన వెంటనే చూపించలేదు. పెన్ను తీసుకుని, పక్కన 9-8 అని రాసి, కింద 40 రోజులు రాసి, తీసివేత వేసి, అప్పుడు 10డి మీద వేలు పెట్టాడు. ఆయన ఫారం వెళ్లింది. మావయ్యది కూడా వెళ్లింది, క్యాలెండర్ వెనక పాత లెక్క కొట్టేసి 2,886 అని రాసుకున్నాడు.

మీ ఇంట్లో ఎవరైనా 58కి దగ్గర్లో ఉంటే, వాళ్ల Service History ఒకసారి తెరిచి NCP Days గడి చూడండి. అందులో అంకె ఏదైనా తేడాగా అనిపిస్తే కామెంట్‌లో రాయండి. యూఏఎన్ నంబర్ మాత్రం రాయకండి, ప్లీజ్. ఉంటానండీ.